ఇంటర్వ్యూలో ఇచ్చిన అంశంపై ప్రజెంటేషన్: మూడు సాయంత్రాల్లో సిద్ధం కావడం ఎలా?

మంగళవారం సాయంత్రం మెయిల్ వస్తుంది. శుక్రవారం ఉదయం ఇంటర్వ్యూ ఉందని, ఇచ్చిన అంశంపై పది నిమిషాలు మాట్లాడాలని, ఐదు స్లైడ్లకు మించకూడదని అందులో ఉంటుంది. ప్యానెల్‌లో ఎవరు కూర్చుంటారో ఒక్క మాట కూడా ఉండదు. ఉన్న ఉద్యోగం చేసుకుంటూనే దీనికి సిద్ధం కావాలి కనుక నిజంగా చేతిలో ఉండేవి మూడు సాయంత్రాలే.

విధానం గాలిలో తేలిపోకుండా ఉండేందుకు మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణను పట్టుకుందాం. ఒక స్వచ్ఛంద సంస్థలో మండల సమన్వయకర్త పోస్టు అనుకోండి. ఇచ్చిన అంశం: "మండలంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికల్లో రక్తహీనతను తగ్గించడానికి ఆరు నెలల కార్యాచరణ ప్రణాళిక." మీ రంగం బ్యాంకింగ్ కావచ్చు, సాఫ్ట్‌వేర్ కావచ్చు, పనులు చేయాల్సిన వరుస మాత్రం ఇదే.

1. మొదటి అరగంట: మెయిల్‌కు జవాబు

స్లైడ్లు తెరవకముందే మెయిల్‌కు జవాబు పంపండి. ఆలస్యం చేస్తే, గురువారం రాత్రి అడిగిన ప్రశ్నకు సమాధానం శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది. అడగవలసినవి ఇవి:

- పది నిమిషాల్లో ప్రశ్నల సమయం కలిసి ఉందా, విడిగా ఉందా?
- తెలుగులో మాట్లాడాలా, ఇంగ్లీషులోనా?
- ప్రొజెక్టర్, కంప్యూటర్ అక్కడ ఉంటాయా? ఫైలు ముందే పంపాలా?
- ప్యానెల్ సభ్యుల హోదాలు చెప్పగలరా?

పేర్లు అడగవద్దు, హోదాలు అడగండి. పేర్లు ఇవ్వడానికి వెనకాడే హెచ్‌ఆర్ వారు "ఒక డాక్టరు, ప్రోగ్రామ్ హెడ్, నేను ఉంటాం" అని చెప్పడానికి సాధారణంగా అభ్యంతరపెట్టరు. మెయిల్ నాలుగు వాక్యాలు దాటకూడదు:

"నమస్కారం. ప్రజెంటేషన్ అంశం అందింది, ధన్యవాదాలు. పది నిమిషాల్లో ప్రశ్నల సమయం కలిసి ఉందో లేదో, ఏ భాషలో మాట్లాడాలో తెలియజేయగలరు. వీలైతే ప్యానెల్ సభ్యుల హోదాలు, ప్రొజెక్టర్ సదుపాయం గురించి కూడా చెప్పగలరని కోరుతున్నాను."

అంశం అర్థాన్ని మాత్రం వారిని అడగకండి. "ఏ మండలం తీసుకోవాలి?" అని అడిగితే, మీరు తీసుకోవలసిన నిర్ణయాన్ని వారి చేతిలో పెట్టినట్టవుతుంది. మీరే ఒక ఊహ చేసుకుని, దాన్ని మొదటి స్లైడ్‌లో ఒక వాక్యంగా ప్రకటించండి. జవాబు రాకపోతే ప్రశ్నల సమయం కలిసే ఉందనుకుని ఏడు నిమిషాలకు సిద్ధపడండి.

2. అంశంలోని ప్రతి మాటను విడదీయండి

అంశాన్ని కాగితం మీద రాసుకుని, పరిమితిని చెప్పే ప్రతి మాట కింద గీత గీయండి. మన ఉదాహరణలో నాలుగు గీతలు పడతాయి: మండలం, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు, బాలికలు, ఆరు నెలలు. వీటి బయట ఉన్నదంతా మీ ప్రజెంటేషన్ బయటే ఉండాలి. గర్భిణులు, అంగన్‌వాడీ పిల్లలు, జిల్లా స్థాయి విధానం ఎంత ముఖ్యమైనవైనా ఈ పది నిమిషాల్లో వాటికి చోటు లేదు.

తరువాత, చేయమన్న పని ఏమిటో చూడండి. "కార్యాచరణ ప్రణాళిక" అడిగారు, రక్తహీనత మీద వ్యాసం కాదు. ఎక్కువమంది అభ్యర్థులు ఇక్కడే దెబ్బతింటారు: రక్తహీనత అంటే ఏమిటి, కారణాలు, లక్షణాలు అంటూ ఆరు నిమిషాలు ఖర్చు చేసి, ప్రణాళికను చివరి నిమిషంలో పరుగెత్తిస్తారు. గీతలు గీసిన కాగితం బల్లమీద కళ్లెదుట ఉంటే ఈ జారుడు వెంటనే తెలుస్తుంది.

చివరిగా, అంశంలో దాగి ఉన్న ఇబ్బందిని వెతకండి. అంశం "తగ్గించడానికి" అంటోంది. తగ్గిందని చెప్పాలంటే మొదట ఎంత ఉందో తెలియాలి. మండలం స్థాయిలో ఆ లెక్క చాలాచోట్ల సిద్ధంగా ఉండదు. అంటే హిమోగ్లోబిన్ తొలి పరీక్షలు కూడా మీ ప్రణాళికలో భాగం కావాలి. ఈ సంగతిని మీ అంతట మీరు పట్టుకుని చెబితే, ప్యానెల్ దాన్ని ప్రశ్నగా అడిగే అవసరం ఉండదు.

3. సమాచారం వెతకకముందే ఒక వాక్యంలో జవాబు

"మీ ప్రణాళిక ఏమిటి?" అని ఎవరైనా గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగితే చెప్పగలిగే ఒకే వాక్యం రాయండి. మన ఉదాహరణలో అది ఇలా ఉండవచ్చు:

"మాత్రలు బడికి చేరినా అమ్మాయిలు వాటిని మింగడం లేదన్నది నా అంచనా, మొదటి నెలలో ఈ అంచనాను సరిచూసి, మిగిలిన ఐదు నెలలూ వారం వారం మాత్ర మింగించడం మీద, రక్తహీనత బయటపడిన బాలికలకు చికిత్స అందేలా చూడడం మీద పనిచేస్తాను."

ఈ వాక్యంలో ఒక నిర్ణయం ఉంది. పోషకాహార తోటలు, తల్లుల సమావేశాలు, గోడ రాతలు అన్నీ చేస్తామనే జాబితా ఇందులో లేదు. పది అంశాల జాబితాతో వచ్చే అభ్యర్థి కన్నా, రెండు పనులు ఎంచుకుని ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలిగిన వారిని ప్రశ్నించడం ప్యానెల్‌కు తేలిక. మీకు కూడా జవాబు చెప్పడం తేలిక.

అంచనాను అంచనాగానే చెప్పడం ఇక్కడ ముఖ్యం. ఆ మండలాన్ని మీరు చూడలేదు. చూసినట్టు మాట్లాడితే, అక్కడ పదేళ్లు పనిచేసిన వ్యక్తి ప్యానెల్‌లో ఉంటే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

4. తెలియని ప్యానెల్ కోసం మూడు కుర్చీలు

ప్యానెల్ తెలియనప్పుడు అందరినీ మెప్పించే మధ్యస్థమైన భాషలో మాట్లాడాలని అనిపిస్తుంది. దానివల్ల విషయం తెలిసినవారికి పస లేనట్టు, తెలియనివారికి అర్థం కానట్టు ఉంటుంది. దాని బదులు ముగ్గురు కూర్చున్నారని ఊహించుకోండి: విషయ నిపుణుడు, నిధులూ పరిపాలనా చూసే అధికారి, ఈ రంగంతో సంబంధం లేని హెచ్‌ఆర్ సభ్యుడు. మీ ప్రసంగంలో ఆ ముగ్గురిలో ఒక్కొక్కరి కోసం కనీసం ఒక చోటు కచ్చితంగా ఉండాలి.

నిపుణుడి కుర్చీలో డాక్టరు ఉన్నారనుకోండి. కౌమార బాలికలకు బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలి రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అది నివారణ మోతాదు. ఇప్పటికే రక్తహీనత ఉన్న అమ్మాయికి వైద్యుల సూచనతో రోజువారీ చికిత్స కావాలి. "వారానికో మాత్రతో రక్తహీనత నయం చేస్తాం" అని స్లైడ్‌లో రాస్తే డాక్టరు అక్కడే ఆపుతారు. అందుకే ప్రణాళికలో రెండు దారులు కనిపించాలి: అందరికీ వారం మాత్ర, పరీక్షలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువ ఉన్నవారికి పీహెచ్‌సీ ద్వారా చికిత్స, 8 కన్నా తక్కువైతే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి.

పరిపాలన కుర్చీ వేరే ప్రశ్న అడుగుతుంది: ఎవరు చేస్తారు, ఎంత కావాలి? ఇక్కడ చిన్న లెక్క చాలు. మండలంలో 20 ఉన్నత పాఠశాలలు, 2,400 మంది బాలికలు ఉన్నారని ఊహిద్దాం. ఆరు నెలలంటే 26 వారాలు. సెలవులు పోగా బడి నడిచేవి 22 వారాలనుకుంటే 52,800 మాత్రలు కావాలి. ఈ లెక్కను ఊహ మీద కట్టారని చెప్పి, అసలు సంఖ్యలు మండల విద్యాధికారి కార్యాలయం నుంచి మొదటి వారంలో తీసుకుంటానని చేర్చండి. సంఖ్య తప్పైనా ఫరవాలేదు, లెక్క వేసే దారి కనిపిస్తే చాలు.

మూడో కుర్చీ కోసం సాంకేతిక పదం వచ్చిన ప్రతిచోటా దానికి ముందు ఒక మామూలు వాక్యం పెట్టండి. "రక్తం పలచబడి పిల్ల తరగతిలో అలసిపోతుంది, దాన్ని వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించి తెలుసుకుంటాం" అన్నాక హిమోగ్లోబిన్ అనవచ్చు.

హోదాలు తెలియకపోతే ఉద్యోగ ప్రకటనను మళ్లీ చదవండి. "రిపోర్టింగ్" అని ఉన్నచోట పేర్కొన్న అధికారి ప్యానెల్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ప్రకటనలో "ప్రభుత్వ శాఖలతో సమన్వయం" అనే మాట రెండుసార్లు వస్తే, రెండో కుర్చీకి ఇంకొంత సమయం కేటాయించండి.

5. సమాచార సేకరణకు గంటన్నర, అంతకు మించి వద్దు

బుధవారం సాయంత్రం గంటన్నర పెట్టుకుని, గడియారం చూసి ఆపేయండి. మీ ఒక వాక్యపు జవాబును నిలబెట్టే సంఖ్యలు రెండు మూడు దొరికితే చాలు.

ఉదాహరణకు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల బాలికల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది సమస్య పరిమాణాన్ని ఒక్క వాక్యంలో చెబుతుంది. అయితే మన అంశం ఉన్నత పాఠశాలలది. ఆ బాలికల్లో ఎక్కువమంది 15 ఏళ్ల లోపువారే. ఈ తేడాను మీరే చెప్పండి: "ఇది కాస్త పెద్ద వయసు వారి లెక్క, మన పిల్లల లెక్క తొలి పరీక్షల్లో తేలుతుంది." రెండో సమాచారం 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం. ఇప్పటికే నడుస్తున్న పథకం పక్కన కొత్త పథకం కట్టడం లేదని, దానిలోని లోటును పూడుస్తున్నానని చెప్పడానికి ఇది పనికొస్తుంది.

ప్రతి సంఖ్య పక్కన అది ఎక్కడిది, ఏ ఏడాదిది, ఎవరి గురించి అన్న మూడు సంగతులు మీ కాగితం మీద ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటి చెప్పలేకపోయినా ఆ సంఖ్యను వాడకండి.

6. నోటితో ముందు, స్లైడ్లతో తరువాత

ఫోన్‌లో రికార్డర్ పెట్టి, స్లైడ్లు లేకుండా, ఒక వాక్యపు జవాబు నుంచి మొదలుపెట్టి మాట్లాడండి. మొదటిసారి పదిహేను నిమిషాలైనా అవుతుంది, తడబాటు ఉంటుంది. విన్నాక ఏ ముక్క లేకపోయినా ప్రణాళిక నిలబడుతుందో తెలుస్తుంది, దాన్ని కొట్టేయండి.

పది నిమిషాలిస్తే ఎనిమిదిన్నరకు కట్టండి. గదిలో కుర్చీ సర్దుకోవడం, ఫైలు తెరవడం, మధ్యలో ఎవరో ఒక ప్రశ్న వేయడం మిగిలిన సమయాన్ని తినేస్తాయి.

- జవాబు, ఊహలు: ఒక నిమిషం
- సమస్య, మాత్ర ఎందుకు మింగరు అన్న కారణాలు: రెండు నిమిషాలు
- నెలల వారీ ప్రణాళిక: మూడున్నర నిమిషాలు
- కొలమానం, ఖర్చు: ఒకటిన్నర నిమిషం
- ఏది విఫలం కావచ్చు, అప్పుడేం చేస్తాను: అర నిమిషం

మధ్యలోని మూడున్నర నిమిషాలే అసలు ప్రజెంటేషన్. అక్కడ ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారో వినిపించాలి. "అవగాహన కల్పిస్తాం" అన్న మాట వచ్చిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి, జరిగే పనిని రాయండి. ఇలా: "మాత్రను మధ్యాహ్న భోజనం అయ్యాక, తరగతి ఉపాధ్యాయురాలి ఎదుటే మింగిస్తాం. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, కడుపునొప్పి వస్తాయి. ఒక్క అమ్మాయికి అలా అయితే వచ్చే వారం సగం తరగతి మాత్రలను కిటికీలోంచి పారేస్తుంది. మలం నల్లగా వస్తుందని, అది ప్రమాదం కాదని మొదటి మాత్రకు ముందే ఏఎన్‌ఎం చెబుతారు." నిజంగా బడికి వెళ్లి పనిచేసేవారు మాట్లాడే తీరు ఇది, నిపుణుడి నుంచి హెచ్‌ఆర్ సభ్యుడి వరకు అందరికీ అర్థమవుతుంది.

7. ఐదు స్లైడ్లు

మాట స్థిరపడ్డాకే స్లైడ్లు చేయండి, గంటలో అయిపోతాయి. శీర్షిక స్థానంలో అంశం పేరు కాకుండా ఆ స్లైడ్ చెప్పే విషయాన్నే వాక్యంగా రాయండి. "సమస్య" అనే బదులు "మాత్ర బడి దాకా వస్తోంది, మింగడం దగ్గర ఆగుతోంది (అంచనా)". ఎవరైనా ఆలస్యంగా గదిలోకి వచ్చినా ఐదు శీర్షికలు చదివితే మీ వాదన పూర్తిగా అందాలి.

మూడో స్లైడ్‌లో ఆరు నెలల పట్టిక ఒక్కటే ఉండాలి: నిలువు వరుసల్లో నెలలు, అడ్డ వరుసల్లో బడి, పీహెచ్‌సీ, మీరు. అక్షరాలు ఎంత చిన్నవైనా ఫరవాలేదనుకుని పట్టికను నింపేయడం మామూలుగా జరిగే పొరపాటు. లాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి ఆరడుగులు వెనక్కి వెళ్లి చూడండి. చదవలేకపోతే మాటలు తగ్గించి, అక్షరాలు పెద్దవి చేయండి.

తెలుగులో స్లైడ్లు చేస్తే ఫాంట్ సంగతి మరిచిపోవద్దు. అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లోనే టైపు చేయండి. పవర్‌పాయింట్‌లో `File > Options > Save` లోకి వెళ్లి `Embed fonts in the file` ఎంచుకోండి. దీనికి తోడు పీడీఎఫ్ ప్రతి కూడా పెట్టుకోండి. పీడీఎఫ్‌లో అక్షరాలు చెదరవు.

8. గురువారం సాయంత్రం: కత్తిరింపు సాధన

నిలబడి, గడియారంతో, మొత్తం మూడుసార్లు చెప్పండి. మొదటిసారి పూర్తిగా. రెండోసారి ఈ విషయం తెలియని ఇంటి మనిషి ఎదుట చెప్పి, "నేనేం చేస్తానన్నాను?" అని అడగండి, ఆ జవాబు మీ ఒక వాక్యానికి దగ్గరగా లేకపోతే మొదటి నిమిషాన్ని తిరగరాయండి.

మూడోసారి ఐదు నిమిషాల్లో. ఇంటర్వ్యూలు ఆలస్యంగా నడిచే రోజున "కొంచెం క్లుప్తంగా చెప్పండి" అనడం మామూలే. అప్పుడు వేగంగా మాట్లాడకండి. ఒకటి, మూడు, నాలుగు స్లైడ్లు మాత్రమే చెబుతానని ముందే నిర్ణయించుకోండి. పవర్‌పాయింట్‌లో స్లైడ్ల ప్రదర్శన నడుస్తుండగా `3` నొక్కి `Enter` నొక్కితే నేరుగా మూడో స్లైడ్‌కు వెళుతుంది. రెండో స్లైడ్‌ను అందరి ఎదుటా తిప్పే పని ఉండదు.

మొత్తం బట్టీ పట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. మధ్యలో ప్రశ్న వస్తే తెగిన చోటు మళ్లీ దొరకదు. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం కంఠతా ఉండాలి.

పడుకోబోయే ముందు చూసుకోవలసినవి:

- పెన్‌డ్రైవ్‌లో రెండు ఫైళ్లు: పీపీటీ, పీడీఎఫ్. అవే మీ మెయిల్‌లో కూడా.
- స్లైడ్ల ప్రింట్లు ఐదు ప్రతులు. కరెంటు పోయినా, ప్రొజెక్టర్ పనిచేయకపోయినా కాగితం చేతికిచ్చి మాట్లాడవచ్చు.
- సంఖ్యలు, వాటి మూలాలు రాసిన ఒక కాగితం.
- చేతి గడియారం. ఫోన్‌లో సమయం చూడడం బాగుండదు.

9. ప్రశ్నల కోసం సిద్ధపడడం

మీ ప్రణాళికలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఏదో మీకే తెలుసు. దాని మీద మూడు ప్రశ్నలు రాసుకుని, ఒక్కొక్కదానికి ముప్పై సెకన్ల జవాబు తయారు చేయండి. మన ఉదాహరణలో అవి ఇలా ఉంటాయి: సెలవుల్లో మాత్ర ఎవరిస్తారు? ఉపాధ్యాయులు ఇప్పటికే పనిభారంతో ఉన్నారు కదా? రిజిస్టర్‌లో మింగినట్టు రాసి మింగించకపోతే మీకెలా తెలుస్తుంది?

మూడో ప్రశ్నకు జవాబు: "రిజిస్టర్ ఒక్కదాన్నే నమ్మను. నెలకోసారి ముందు చెప్పకుండా నాలుగు బడులకు వెళ్లి, మిగిలిన మాత్రల అట్టలు లెక్కపెడతాను. ప్రతి బడిలో పదిమంది అమ్మాయిలను విడిగా అడుగుతాను. మూడింటి లెక్క కలవకపోతే ఆ బడి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడతాను." జవాబు ముందు ఒక వాక్యంలో, తరువాత కారణం, అవసరమైతే ఒక సంఖ్య. ముప్పై సెకన్లు దాటాక ఆగి, "ఇంకా వివరంగా చెప్పమంటారా సర్?" లేదా "మేడమ్?" అని అడగండి.

తెలియని ప్రశ్న వస్తే ఊహించి చెప్పకండి. "ఆ లెక్క నా దగ్గర లేదండీ, పీహెచ్‌సీ వైద్యాధికారి దగ్గర ఉంటుంది, మొదటి వారంలో తీసుకుంటాను" అన్న జవాబులో ఆ సమాచారం ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుసన్న సంగతి అయినా ఉంటుంది.

కష్టమైన సందర్భం ఇంకొకటి ఉంది. ప్యానెల్ సభ్యుడు మీ అంచనానే తప్పు అంటారు: "మా మండలంలో మాత్రలే రావడం లేదు, మింగించడం గురించి ఎందుకు మాట్లాడుతున్నారు?" అక్కడ వాదించకండి, పూర్తిగా లొంగిపోకండి కూడా. "అలాగైతే మొదటి నెల పరిశీలనలో అది బయటపడుతుంది సర్. అప్పుడు రెండో నెలలో బడుల పని కాకుండా, ఏ వారానికి ఎన్ని మాత్రలు కావాలో పీహెచ్‌సీ ఫార్మసిస్టుతో కలిసి లెక్క కట్టి ఇండెంటు పెట్టించడం ముందుకు వస్తుంది, మింగించే పని మూడో నెలలో మొదలవుతుంది" అని మూడో స్లైడ్‌కు తిరిగి వెళ్లి, ఆ పట్టికలో ఏ గడి ఎటు జరుగుతుందో వేలితో చూపించండి.